కంపెనీకి ముఖమైన వ్యవస్థాపకుడే పరువు తీస్తే ఏం చేయాలి?

వ్యవస్థాపకుడి పేరో ఫొటోనో బ్రాండ్‌గా మారిన కంపెనీలో, ఆయన నోరు జారిన రోజున అందరూ ఎదురుచూసేది రాజీనామా కోసమే. అది రాగానే గండం గడిచిందనుకుంటారు. కానీ అలాంటి మనిషిని కంపెనీతో కట్టి ఉంచేవి నాలుగు ముడులు: పదవి, బొమ్మ, ఒప్పందం, వాటా. రాజీనామాతో విడేది మొదటిదొక్కటే. మిగతా మూడింటినీ విప్పే క్రమం తెలియకే చాలా కంపెనీలు ఒక్క రోజు వార్తను ఏడాది గొడవగా మార్చుకుంటాయి.

అమెరికా పిజ్జా కంపెనీ పాపా జాన్స్‌నే చూడండి. పేరు వ్యవస్థాపకుడు జాన్ ష్నాటర్‌ది, ఏళ్ల తరబడి టీవీ యాడ్లలో కనిపించిందీ ఆయనే. 2018 మేలో ఒక మార్కెటింగ్ సంస్థతో జరిగిన కాన్ఫరెన్స్ కాల్‌లో ఆయన నల్లజాతివారిని కించపరిచే పదం వాడారని జూలై 11న ఫోర్బ్స్ బయటపెట్టింది. ఆయన క్షమాపణ చెప్పి అదే రోజు ఛైర్మన్ పదవి వదిలేశారు. మొదటి ముడి కొన్ని గంటల్లో విడిపోయింది. కథ మాత్రం తర్వాతి మార్చి దాకా నడిచింది.

1. నిర్ణయం ఎవరిదో ముందు తేల్చండి

ఆరోపణ వచ్చిన కొన్ని గంటల్లోనే స్వతంత్ర డైరెక్టర్లతో ఒక కమిటీ వేయాలి. వ్యవస్థాపకుడు, ఆయన బంధువులు, ఆయన నియమించుకున్న సన్నిహితులు అందులో ఉండకూడదు. కమిటీకి లాయరు వేరు, వ్యవస్థాపకుడికి లాయరు వేరు. ఇద్దరికీ ఒకరే సలహా ఇస్తే, రేపు ఇద్దరి ప్రయోజనాలు ఎదురెదురైనప్పుడు ఆ సలహా ఎవరికీ పనికిరాదు. సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డ్‌లు అదే రోజు మార్చేయండి. సంబంధిత మెయిళ్లు, రికార్డింగులు ఎవరూ చెరపకూడదని రాతపూర్వకంగా ఆదేశించండి. ఇది ఆలస్యమైతే తర్వాత ఏ విచారణనూ జనం నమ్మరు.

2. మొదటి ప్రకటనలో మూడే మాటలు

ఏం జరిగిందో మీకు నిర్ధారణగా తెలిసినంత, ఇప్పటికే ఏం చేశారో అంత, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో ఆ తేదీ. నిజమో కాదో తేలకపోతే 'విచారిస్తున్నాం, అప్పటిదాకా ఆయన బాధ్యతల నుంచి తప్పుకున్నారు' అంటే చాలు. 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అనే వాక్యం మాత్రం వద్దు. తప్పు చేసినవాడి నుంచి నొచ్చుకున్నవాడి మీదికి నేరం నెట్టినట్టు వినిపిస్తుంది. 'ఆయన మా కంపెనీని చెమటోడ్చి నిర్మించారు' అన్న పొగడ్తకూ ఇది సమయం కాదు.

క్షమాపణలు రెండు ఉండాలి. ఆయన తన మాటకు తాను చెప్పాలి, కంపెనీ తన ఉద్యోగులకు, కస్టమర్లకు తాను చెప్పాలి. ఒకరి తరఫున మరొకరు చెబితే రెండు ముఖాలూ మళ్లీ అతుక్కుపోతాయి.

3. బొమ్మ తీసే జాబితా రాయండి

ఎక్కువ కంపెనీలు తడబడేది ఇక్కడే. ఆయన ముఖం, గొంతు, సంతకం, 'నేను' అంటూ ఆయన మాట్లాడే వాక్యాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పట్టికలో రాయండి. టీవీ, ఆన్‌లైన్ యాడ్లు, వెబ్‌సైట్, యాప్, ప్యాకింగ్ డబ్బాలు, బోర్డులు, యూనిఫాంలు వెంటనే గుర్తొస్తాయి. మరిచిపోయేవి వేరే: కొత్త ఉద్యోగులకు చూపే శిక్షణ వీడియోలు, కాల్ సెంటర్‌లో వినిపించే రికార్డు గొంతు, ఆటోమేటిక్‌గా వెళ్లే పుట్టినరోజు మెయిళ్లు, వచ్చే నెలకు ముందే షెడ్యూల్ చేసిన పోస్టులు.

డబ్బు కట్టి నడిపేవి, తమంతట తామే వెళ్లిపోయేవి మొదటి గంటల్లోనే ఆపాలి. వెబ్‌సైట్, యాప్ ఒకటి రెండు రోజుల్లో మారతాయి. అచ్చయిన డబ్బాలకు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, కొత్త డిజైన్ ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పి ఉన్న సరుకుపై స్టిక్కర్ అంటించే ఏర్పాటు చేయండి. పాపా జాన్స్ తన ప్రచారంలోంచి ష్నాటర్ బొమ్మను తీసేస్తున్నట్టు రెండు రోజులకే, జూలై 13న చెప్పింది. పేరు మాత్రం మార్చలేదు. అది సబబే. బొమ్మ మనిషిని చూపిస్తుంది, పేరు ఇన్నేళ్లుగా కొన్న సరుకునూ గుర్తుచేస్తుంది. పైగా పేరు మార్చడమంటే ప్రతి బోర్డు, ప్రతి ఒప్పందం మార్చడమే.

4. దెబ్బ తినేవాళ్లకు ముందు ఫోన్ చేయండి

కస్టమర్ కోపం కౌంటర్లో నిలబడ్డ ఉద్యోగి మీద, ఫ్రాంచైజీ దుకాణం యజమాని మీద పడుతుంది. వాళ్లకు విషయం టీవీలో తెలియకూడదు. కస్టమర్ అడిగితే చెప్పడానికి రెండు వాక్యాలు రాసివ్వండి, విలేకరులు వస్తే ఏ నంబరుకు పంపాలో చెప్పండి.

మాటలతో పాటు డబ్బూ కావాలి. పాపా జాన్స్‌కు ఉత్తర అమెరికాలో, అంతకుముందు ఏడాదితో పోలిస్తే అవే దుకాణాల అమ్మకాలు 2018 మూడో త్రైమాసికంలో 9.8 శాతం, ఏడాది మొత్తం మీద 7.3 శాతం పడిపోయాయి. ఫ్రాంచైజీలు తనకు కట్టే రాయల్టీని కంపెనీ ఆ ఏడాది చివరిదాకా తగ్గించింది. అలా చేయకపోతే బలహీన దుకాణాలు మూతపడతాయి. అవి మూతపడితే బ్రాండ్ కోలుకున్నా అమ్మే చోటు ఉండదు. నష్టాన్ని కొలిచేటప్పుడు నిరుటి అదే వారంతో పోల్చండి, ప్రాంతాలవారీగా చూడండి. పాపా జాన్స్ అమ్మకాలు గొడవకు ముందే దిగజారుతున్నాయి. పాత జబ్బును కూడా కుంభకోణం ఖాతాలో రాస్తే తప్పుడు మందు వేస్తారు.

5. ఒప్పందం, వాటా

జూలై 15న స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ, ష్నాటర్‌ను కంపెనీ ప్రచారకర్తగా గుర్తించే వ్యవస్థాపక ఒప్పందాన్ని రద్దు చేసింది. మీడియాతో మాట్లాడొద్దని ఆయన్ను కోరింది. ఆయన ఆగలేదు, ఆగేలా చేసే పట్టూ కంపెనీకి లేదు. దాదాపు 30 శాతం వాటా ఆయనదే, డైరెక్టర్ కుర్చీ కూడా ఇంకా ఉంది. రాజీనామా చేయడం పొరపాటన్నారు, కంపెనీ పత్రాల కోసం కోర్టుకెక్కారు.

బోర్డు జూలై 22న ఒక రక్షణ పథకం తెచ్చింది. ఆయన వర్గం వాటా 31 శాతానికి చేరితే, లేదా మరెవరైనా అనుమతి లేకుండా 15 శాతం కొంటే, మిగతా వాటాదారులు తక్కువ ధరకు కొత్త షేర్లు తీసుకుని వాళ్ల పట్టును పలుచన చేయొచ్చు. ఇది వాటా పెరగకుండా ఆపుతుంది, ఉన్న వాటాను తీసేయలేదు. చివరికి 2019 ఫిబ్రవరిలో స్టార్‌బోర్డ్ అనే పెట్టుబడి సంస్థ 20 కోట్ల డాలర్లతో వచ్చింది. మార్చిలో రాజీ కుదిరి, బోర్డు నుంచి తప్పుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు.

అందుకే వాటాల పట్టికను మొదటి రోజే తెరవండి. ఆయనకు మెజారిటీ ఓట్లుంటే బలవంతపు మార్గాలు దాదాపు లేనట్టే, చర్చలతోనే బయటపడాలి. ఆ చర్చల్లో ఆయనకు ఏమిస్తారో ముందే రాసుకోండి: వాటా అమ్ముకునే వెసులుబాటు, కేసుల ఉపసంహరణ, పరస్పరం నిందించుకోకూడదన్న షరతు.

6. ఖాళీ అయిన చోట వెంటనే ఎవరినీ నిలబెట్టకండి

కొన్ని నెలలు యాడ్లలో ఉద్యోగులు, దుకాణదారులు కనిపించనివ్వండి. పాపా జాన్స్ మొదట అలాగే చేసింది. 2019 మార్చిలో మాత్రం బాస్కెట్‌బాల్ తార షాకిల్ ఓ'నీల్‌ను తెచ్చి బోర్డులో చోటు, అట్లాంటాలో 9 దుకాణాల్లో వాటా, ప్రచార ఒప్పందం మూడూ ఆయనకే ఇచ్చింది. ఎంత మంచి మనిషైనా ఒక్కరికే ఇన్ని ముడులు వేయడం తెలిసి తలకెత్తుకునే రిస్కే.

కొత్త ముఖంతో రాసుకునే ఒప్పందంలో, ఆ మనిషి ప్రవర్తన కంపెనీ పరువును దెబ్బతీస్తే ప్రచారం తక్షణం ఆపే హక్కు కంపెనీకి ఉండాలి. దాన్ని స్వతంత్ర డైరెక్టర్లే వాడాలి, కోర్టు తీర్పు దాకా ఆగనక్కర్లేదని స్పష్టంగా రాయాలి. ఉన్న యాడ్లు తీసేసే ఖర్చు ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి.