స్లైసర్‌లో మోడల్ చీమంత కనిపిస్తోందా, బెడ్ దాటిపోయిందా? అంగుళం, మిల్లీమీటర్ తేడా సరిచేయడం

మారతహళ్లిలో మా ఫ్లోర్‌లోనే ఉండే కడప తమ్ముడు ఒక ఆదివారం వాట్సాప్‌లో ఫైల్ పంపాడు. "అన్నా, కర్టెన్ రాడ్ బ్రాకెట్ విరిగిపోయింది. ఓనర్ గోడకి కొత్త రంధ్రాలు వేయనివ్వడు. పాత రంధ్రాలకే సరిపోయేది నెట్‌లో దొరికింది, 3D ప్రింట్ చేసి పెడతావా?" అన్నాడు. అతను పంపిన 3D మోడల్ STL ఫైల్‌ని, ప్రింటర్ కోసం మోడల్‌ని పొరలుగా కోసే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ప్రింట్ వేసే పలక, అంటే బెడ్ మధ్యలో చిన్న చుక్క తప్ప ఏమీ లేదు. దగ్గరికి జూమ్ చేస్తే ఆ చుక్కే బ్రాకెట్. కొలతలు 3 × 1.5 × 2 మిల్లీమీటర్లు అని చూపిస్తోంది.

ఏం కనిపిస్తుంది

మోడల్ మరీ చిన్నగా వస్తే బెడ్ మీద కనిపించదు. ఫైల్ పాడైందేమో అనుకుని చాలామంది మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు. అలాగే స్లైస్ చేస్తే సన్నని భాగాలు మాయమవుతాయి. ఈ బ్రాకెట్‌లో రాడ్ కూర్చునే ఉంగరం మందం 0.15 మి.మీ. అని చూపింది. ప్రింటర్‌లోని 0.4 మి.మీ. నాజిల్ వేసే గీత దానికంటే వెడల్పు, కాబట్టి స్లైసర్ దాన్ని వదిలేస్తుంది.

పెద్దగా వస్తే మోడల్ బెడ్ దాటి బయటికి పోతుంది, స్లైస్ బటన్ పని చేయదు. 50 మి.మీ. కీచైన్ 1270 మి.మీ. అయి కూర్చుంటుంది.

ఎందుకిలా

STL ఫైల్‌లో త్రిభుజాల మూలల అంకెలు మాత్రమే ఉంటాయి. అవి అంగుళాలా, మిల్లీమీటర్లా అని చెప్పే చోటు ఆ ఫార్మాట్‌లోనే లేదు. టెక్స్ట్ రకం STLని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలా ఉంటుంది:

```
vertex 3.0 0.0 2.0
```

ఈ 3.0 గీసినవాడి దృష్టిలో మూడు అంగుళాలు. స్లైసర్ మాత్రం ప్రతి అంకెనీ మిల్లీమీటర్‌గానే తీసుకుంటుంది. అందుకే 76.2 మి.మీ. ఉండాల్సిన బ్రాకెట్ 3 మి.మీ. అయింది. పెద్దగా రావడం దీనికి తిరగబడిన కేసు: మిల్లీమీటర్లలో గీసిన మోడల్‌ని ఎవరో అంగుళాలనుకుని 25.4 రెట్లు పెంచేశారు. PrusaSlicer అనే స్లైసర్ చాలా చిన్న మోడల్ తెరిచినప్పుడు ఇది అంగుళాల్లో ఉన్నట్టుంది, మార్చమంటారా అని అడుగుతుంది. నిజంగానే 2 మి.మీ. ఉండే స్పేసర్‌కి తొందరలో Yes నొక్కితే అదే జరుగుతుంది.

ఏ రెట్లో ఎలా తేల్చాలి

కంటికి సరిపోయేదాకా మౌస్‌తో లాగడం వద్దు. నిజమైన కొలత ఒక్కటి తెలిస్తే చాలు, దాన్ని స్లైసర్ చూపించే అంకెతో భాగించండి. 25.4 దగ్గర వస్తే అంగుళాలు. 10 వస్తే సెంటీమీటర్లు. 1000 వస్తే మీటర్లు. బ్లెండర్‌లో డిఫాల్ట్‌గా గీసి STL తీసిన మోడల్స్ తరచూ ఇలా వస్తాయి. 1.01, 1.02 లాంటిది వస్తే అది యూనిట్ల గొడవ కాదు. స్లైసర్‌లో కొలత సరిగ్గా ఉండి ప్రింట్ అయ్యాక అంత తేడా వస్తే ప్రింటర్ కాలిబ్రేషన్‌నో, ప్లాస్టిక్ కుంచించుకోవడాన్నో చూడాలి.

అసలు కొలత చేతిలో లేకపోతే మోడల్‌లో తెలిసిన వస్తువు కూర్చునే చోటు వెతకండి. 608 బేరింగ్ గూడు ఉంటే దాని వ్యాసం 22 మి.మీ. దగ్గర ఉండాలి. ఇంకో గుర్తు కూడా ఉంది: 25.4తో గుణించాక 12.7, 38.1, 50.8, 76.2 లాంటి అంకెలు వస్తే గీసినవాడు అంగుళాల్లో లెక్కేశాడని ధైర్యంగా అనుకోవచ్చు. అవి అర, ఒకటిన్నర, రెండు, మూడు అంగుళాలు.

మా కేసులో పాత బ్రాకెట్ ముక్క ఉంది కాబట్టి స్క్రూ రంధ్రాల దూరాన్నే కొలిచాను. రెండు రంధ్రాల మధ్యబిందువులు వెర్నియర్‌తో పట్టుకోవడం కష్టం. అందుకని ఎదురెదురుగా ఉన్న లోపలి అంచుల మధ్య కొలిచి, దానికి ఒక రంధ్రం వ్యాసం కలపాలి. 59కి 4.5 కలిపితే 63.5 వచ్చింది. మోడల్‌లో అదే దూరం 2.5. భాగిస్తే సరిగ్గా 25.4.

సరిచేయడం

PrusaSlicerలో మోడల్ మీద రైట్ క్లిక్ చేసి `Convert from imperial units` నొక్కితే చాలు. మీటర్ల మోడల్‌కి పక్కనే `Convert from meters` ఉంటుంది. ఈ ఆప్షన్ లేని స్లైసర్‌లో స్కేల్ పెట్టెలో 2540 శాతం అని కొట్టండి. మూడు దిశలూ కలిసి మారేలా తాళం గుర్తు వేసి ఉండాలి. Cura అనే స్లైసర్‌లో అయితే `Uniform Scaling` టిక్ చేసి ఉండాలి. అది లేకపోతే ఒక్క వైపే సాగి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. 25.4 రెట్లు పెరిగిపోయిన మోడల్‌కి 3.937 శాతం కొట్టాలి.

Cura వాడేవాళ్లు `Preferences`లో `Scale large models`, `Scale extremely small models` అనేవి చూసుకోండి. ఇవి ఆన్‌లో ఉంటే స్లైసర్ తనంతట తానే సైజు మార్చేస్తుంది, మోడల్ చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మార్పు మీకు కావలసిన రెట్టే అని నమ్మకం లేదు. కొలత ముఖ్యమైన పార్టులకి రెండూ ఆఫ్ చేయడమే నా పద్ధతి.

అంగుళం అంటే ఇరవై ఐదు కదా అని 2500 కొట్టేవాళ్లున్నారు. ఆ తమ్ముడు కూడా ముందే ఆఫీసు స్నేహితుడి దగ్గర అలాగే ప్రింట్ చేయించుకున్నాడట. ఒక స్క్రూ పట్టింది, రెండోది గోడలోని రంధ్రానికి అందలేదు. తేడా ఒకటిన్నర శాతమే, బొమ్మకైతే ఎవరికీ తెలియదు. కానీ 63.5 ఉండాల్సిన దూరం 62.5 అయింది. నాలుగు మి.మీ. స్క్రూకి నాలుగున్నర మి.మీ. రంధ్రం ఉంటే సర్దుకునే చోటు అర మిల్లీమీటరే, పూర్తి మిల్లీమీటర్ తేడాని అది మింగలేదు.

ఇంకో పొరపాటు రెండుసార్లు మార్చడం. స్కేల్ సరిచేసిన మోడల్‌ని మళ్లీ STLగా సేవ్ చేసి, మర్నాడు తెరిచి ఇంకోసారి 2540 కొడితే మొత్తం 645 రెట్లవుతుంది. సరిచేశాక ఫైల్ పేరు చివర mm అని చేర్చండి. మోడల్ గీసిన సాఫ్ట్‌వేర్ మీ దగ్గరే ఉంటే ఇంకా మేలు: ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యూనిట్ మిల్లీమీటర్ పెట్టండి, బ్లెండర్‌లో స్కేల్ 1000 పెట్టండి. లేదా STL బదులు 3MF ఫార్మాట్‌లో ఫైల్ తీయండి. అందులో యూనిట్ ఫైల్‌లోనే రాసి ఉంటుంది:

```
<model unit="inch">
```

తమ్ముడి బ్రాకెట్ మొత్తం ప్రింట్ చేయకముందే స్లైసర్‌లో కట్ టూల్‌తో గోడకి ఆనే పలకలో కింది వైపు 1 మి.మీ. మందం మాత్రం కోసి ప్రింట్ చేశాను. కొద్ది నిమిషాల్లో పల్చటి రేకు వచ్చింది. దాన్ని గోడకి ఆనించి రెండు స్క్రూలూ వేలితో తోస్తే రెండూ దూరాయి. అప్పుడు పూర్తి బ్రాకెట్ పెట్టాను. సాయంత్రానికి పరదా పాత చోటే వేలాడింది.