పోస్టల్ కోడ్ చూసి దేశం చెప్తే తప్పుతోందా? ముందు సున్నా చూడండి

అడ్రస్ లిస్టులో దేశం కాలమ్ ఖాళీగా ఉన్నప్పుడు, పోస్టల్ కోడ్ ఆకారాన్ని బట్టి దేశాన్ని ఊహించడం మామూలే. ఫలితం తప్పగానే అందరూ ప్యాటర్న్ మార్చడం మొదలుపెడతారు. చాలాసార్లు ప్యాటర్న్ బాగానే ఉంటుంది, పాడైంది కోడే.

సమస్య: అయిదంకెల దేశాల అడ్రస్‌లు నాలుగంకెల దేశాల్లోకి వెళ్లిపోతున్నాయి

కారణం: మొదట్లో ఉన్న సున్నా పోయింది. స్ప్రెడ్‌షీట్‌లో ఫైల్ తెరవగానే అది కోడ్‌ని సంఖ్య అనుకుని ముందున్న సున్నాని తీసేస్తుంది. అలా సేవ్ చేస్తే ఇక అంతే. ఎర్రర్ ఏమీ రాదు, పైగా మిగిలిన నాలుగంకెలు వేరే దేశపు కోడ్‌లాగే నిక్షేపంగా కనిపిస్తాయి. నన్ను ఎక్కువసార్లు దెబ్బతీసింది ఇదే.

ఈ వరుసలు చూడండి:

```
28013   Madrid
41001   Sevilla
8001    Barcelona
8001    Zürich
184     Roma
101     Reykjavík
```

రెండు 8001లూ అచ్చం ఒకేలా ఉన్నాయి. కానీ బార్సిలోనాది 08001. స్పెయిన్‌లో మొదటి రెండంకెలు ప్రావిన్స్‌ని చెప్తాయి, బార్సిలోనాకి 08. జ్యూరిక్‌ది మాత్రం నిజంగానే 8001, స్విట్జర్లాండ్ కోడ్‌లన్నీ నాలుగంకెలే. కింద రోమ్‌ది 00184, అక్కడ రెండు సున్నాలూ పోయాయి. రేక్యవిక్ 101 మాత్రం సరైనదే, ఐస్‌లాండ్ కోడ్‌లు మూడంకెలే. నాలుగంకెలు కనబడ్డాయి కదా అని అన్నిటికీ ముందు సున్నా తగిలిస్తే జ్యూరిక్ వెళ్లి బార్సిలోనాలో పడుతుంది.

అమెరికాలోనూ ఇదే గొడవ. బోస్టన్ 02108లో సున్నా పోతే 2108 అవుతుంది, అది సిడ్నీ దగ్గరి కోడ్. న్యూజెర్సీ, మసాచుసెట్స్, కనెక్టికట్ లాంటి ఈశాన్య రాష్ట్రాల కోడ్‌లు సున్నాతోనే మొదలవుతాయి. మీ లిస్టులో కాలిఫోర్నియా అంతా సరిగ్గా ఉండి, బోస్టన్ వాళ్లు మాత్రం ఆస్ట్రేలియాకి వెళ్తుంటే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

నిర్ధారించుకోవడం తేలిక. కాలమ్ మొత్తంలో సున్నాతో మొదలయ్యే కోడ్ ఒక్కటైనా ఉందా చూడండి. రకరకాల దేశాలున్న పెద్ద లిస్టులో ఒక్కటి కూడా లేకపోతే సున్నాలు పోయినట్టే.

పరిష్కారం: అసలు ఫైల్‌ని స్ప్రెడ్‌షీట్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడ సున్నాలు కనిపిస్తే అదృష్టమే. మళ్లీ ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్ టెక్స్ట్ అని ఇంపోర్ట్ సమయంలోనే చెప్పండి. తెరిచాక ఫార్మాట్ మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు. ఫైల్‌లోనే లేకపోతే ఊరి పేరుతోనో, ఫోన్ నంబర్ ముందున్న దేశ కోడ్‌తోనో ముందు దేశం తేల్చుకోండి. ఆ తర్వాతే, అయిదంకెల దేశమని తేలిన వరుసలకి మాత్రమే ఇది వాడండి:

```
=TEXT(A2,"00000")
```

ఊరు, ఫోన్ రెండూ లేకపోతే ఆ వరుసలో దేశం ఖాళీగానే వదిలేయండి. తప్పు దేశం కంటే ఖాళీ నయం.

సమస్య: బ్రిటన్, కెనడా కలిసిపోతున్నాయి

కారణం: ఎవరో స్పేస్‌లు తీసేశారు, మీ ప్యాటర్న్ స్పేస్ మీదే ఆధారపడింది. స్పేస్ వదిలేసి చివర చూడండి. బ్రిటన్ కోడ్ చివర ఎప్పుడూ ఒక అంకె, రెండక్షరాలు ఉంటాయి: SW1A1AAలో 1AA. స్పేస్ ఆ మూడింటి ముందు పెట్టాలి. కెనడాలో అక్షరం, అంకె ఒకటి విడిచి ఒకటి వస్తాయి, చివరిది అంకె: M5V2T6. ఇంకో మాట, కెనడా కోడ్‌లో O అక్షరం ఎక్కడా రాదు. కనబడితే సున్నాకి బదులు కొట్టారన్నమాట. నెదర్లాండ్స్‌తో పేచీ లేదు, నాలుగంకెల తర్వాత రెండక్షరాలు.

సమస్య: స్పేస్ సరిగ్గానే ఉంది, అయినా దేశం తేలట్లేదు

మూడంకెలు, స్పేస్, రెండంకెలు అనే వరస స్వీడన్‌దీ, చెక్‌దీ, స్లొవాకియాదీ, గ్రీస్‌దీ కూడా. ఇక్కడ ఊరి పేరు తప్ప దారి లేదు. హైఫన్ కాస్త నయం: 00-950 లాగా రెండు, మూడుగా విడితే పోలండ్, అయిదు, మూడుగా విడితే బ్రెజిల్. హైఫన్ తీసేసిన ఏడంకెలైతే జపాన్ కావచ్చు, పోర్చుగల్ కావచ్చు.

కోడ్ ముందు D- లేదా CH- లాంటి దేశాక్షరాలు, కంటికి కనబడని స్పేస్‌లు అరుదుగా తగులుతాయి. మొదటివాటిని విడదీసి దేశం కాలమ్‌లో వేసుకోండి, రెండోవాటిని తుడిచేయండి.