టీచర్ వీడ్కోలు సభకు రాసుకున్న ప్రసంగాన్ని దిద్దుకోవడం ఎలా?

పెరంబూరులో మా పక్కింటమ్మాయి తనకు ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన టీచర్ పదవీ విరమణ సభలో మాట్లాడాలని రెండు పేజీలు రాసుకొచ్చింది. "కాస్త చూసి పెట్టండి అక్కా" అంది. మొదటి వాక్యం ఇది:

"1993వ సంవత్సరం నుండి మన పాఠశాల నందు గణిత ఉపాధ్యాయురాలిగా విశిష్ట సేవలందించి, ఎందరో విద్యార్థుల జీవితాలలో వెలుగులు నింపి, నేడు పదవీ విరమణ పొందుచున్న టీచర్ గారికి హృదయపూర్వక నమస్కారములు తెలియజేసుకుంటున్నాను."

చెన్నైలో పెరిగిన మన పిల్లలకు తెలుగు ఇంట్లో మాట్లాడే భాష. రాయాలనేసరికి ఎక్కడో విన్న సన్మాన పత్రం గుర్తొస్తుంది. ఆ రెండు పేజీలను మేం ఎలా దిద్దామో వరసగా చెబుతాను.

1. ముందు వాక్యాన్ని విరవండి

తెలుగులో క్రియ చివర వస్తుంది. "అందించి, నింపి" అని పేర్చుకుంటూ పోతే, అసలు సంగతేమిటో తెలిసేదాకా వినేవాళ్లు అన్నీ మోస్తూ కూర్చోవాలి. కాగితం మీద వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు, సభలో ఆ వీలు లేదు. రెండోసారి అలాంటి మాట రాగానే వాక్యం ముగించేయండి. "నందు" బదులు "లో", "పదవీ విరమణ పొందుచున్న" బదులు "రిటైర్ అవుతున్న" చాలు. మేం ఇలా మార్చాం:

"టీచర్, నమస్కారం. మీరు 1993లో ఈ బడికి వచ్చారు. 2009లో నేను మీ క్లాసులో కూర్చున్నాను. ఆరో తరగతి, కిటికీ పక్కన మూడో బెంచీ."

2. సంతాప సభ వాసన పోగొట్టండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ అమ్మాయి రెండో పేరా పైకి చదివింది: "టీచర్ ఎంతో ఓపికగా ఉండేవారు. అందరినీ సొంత పిల్లల్లా చూసుకునేవారు. ఆవిడ లేని లోటు తీర్చలేనిది." లోపలినుంచి వాళ్లమ్మ గబగబా వచ్చి "ఎవరు పోయారే?" అని అడిగింది.

తప్పు ఆ "ఉండేవారు"లో ఉంది. మనిషి గుణం ఉద్యోగంతో పాటు రిటైర్ కాదు, కాబట్టి గుణాన్ని ఇప్పటి మాటగానే చెప్పాలి: "టీచర్‌కి ఓపిక ఎక్కువ." క్లాసులో రోజూ జరిగిన పనికి మాత్రం "చెప్పేవారు, దిద్దేవారు" సరిపోతాయి. ముందు "మేం చదువుకునే రోజుల్లో" అని కాలం చెబితే చాలు. "లేని లోటు" అన్న మాటను పూర్తిగా కొట్టేశాం.

3. ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోండి

చిత్తులో ఒక వాక్యం "ఆవిడ", తర్వాతిది "మీరు", ఆపైన "మనం మిమ్మల్ని మరిచిపోలేం" అని ఉంది. "మనం"లో వినే మనిషి కూడా ఉంటుంది. టీచర్ వైపు తిరిగి "మనం మిమ్మల్ని" అంటే ఆవిడ తనను తాను మరిచిపోలేనని చెప్పినట్టవుతుంది. టీచర్‌తో అయితే "మేం మిమ్మల్ని", సభతో అయితే "మనం ఆవిడని" అనాలి.

మాటిమాటికీ అటూ ఇటూ తిరగకుండా ప్రసంగాన్ని రెండు ముక్కలు చేశాం. పలకరింపు కాగానే మొదటి సగమంతా సభతో, తర్వాతిది టీచర్‌తో. మలుపు దగ్గర కాగితం మీద ఎర్ర పెన్నుతో బాణం గీసింది. ఆ తర్వాత క్రియలన్నీ వరసగా చూశాం. కంగారులో "టీచర్ చెప్పింది" అని రెండుచోట్ల జారింది, "చెప్పారు" అని దిద్దాం.

4. విశేషణం తీసి సంఘటన పెట్టండి

"నిస్వార్థ, ఆదర్శ, విశిష్ట" అన్న మాటలు ఏ టీచర్‌కైనా అతుకుతాయి. "నిస్వార్థంగా అని ఎందుకు రాశావు?" అని అడిగితే అమ్మాయి కాసేపు ఆలోచించి చెప్పింది. నేను దాన్ని దాదాపు అలాగే రాయించాను:

"నవంబరు వానలకు వ్యాసర్‌పాడి సబ్‌వేలో నీళ్లు నిలిచేవి. అటునుంచి వచ్చే మేం నలుగురం చుట్టూ తిరిగి, తడిసి, ఆలస్యంగా చేరేవాళ్లం. టీచర్ హాజరు పుస్తకం మూయకుండా ఉంచేవారు. మేం తల తుడుచుకున్నాకే మొదటి లెక్క బోర్డు మీద వేసేవారు."

ఇలాంటిది ఒక్కటి చాలు. మూడు చెబితే ఏదీ మనసులో నిలవదు.

5. నిలబడి, పైకి చదవండి

ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఊపిరి అందని చోట వాక్యం పొడవైందని అర్థం. నాలుక తడబడిన చోట మాట మీది కాదని అర్థం, ఇంట్లో వాడే మాట పెట్టుకోండి. ఆ అమ్మాయి "కృతజ్ఞతాభివందనాలు" దగ్గర రెండుసార్లు ఆగింది. మొదట ఆరు నిమిషాలు పట్టిన ప్రసంగం చివరికి మూడు నిమిషాలకు వచ్చింది.

"ఇంతటితో నా ప్రసంగం ముగిస్తున్నాను" అన్న వాక్యం తీసేశాం. టీచర్ వైపు తిరిగి ఆఖరుగా చెప్పడానికి ఇది రాసుకుంది: "టీచర్, రేపటినుంచి మీకు బెల్లు మోగదు. వాన పడిన రోజు మాత్రం మా ఇంటికి రండి. తువ్వాలు నేను సిద్ధంగా పెడతాను."