కల పుస్తకాలు ఒకదానికొకటి ఎందుకు పొసగవు? వాటిని పొదుపుగా ఎలా వాడాలి?

గోదావరికి వరద వచ్చే రోజుల్లో కోనసీమ లంకల్లో ఉండే ఒక గృహిణికి ఇలా కల వచ్చిందనుకుందాం: ఎర్రనీరు గడప దాటి ఇంట్లోకి వస్తోంది, ఆమె బియ్యం బస్తాను అటక మీదికి ఎక్కిస్తోంది. తెల్లవారాక ఆమె కలల ఫలాలు చెప్పే పుస్తకాలు తిరగేస్తే, ఒకదానిలో బురదనీరు రోగసూచన అని, మరొకదానిలో ఇంట్లోకి నీరు రావడం ధనలాభమని కనిపించవచ్చు. ఇక మూడోదానిలో వరద అనే మాటే లేక, నది, వాన, మునక అని మూడు చోట్ల మూడు ఫలాలు ఉండవచ్చు.

ఈ తేడా అచ్చుతప్పుల వల్ల వచ్చింది కాదు. ఈ పుస్తకాల మూలాలు వేరు, ఆ మూలాలు వేసుకున్న ప్రశ్నలూ వేరు. మత్స్యపురాణంలోని స్వప్నాధ్యాయం దండయాత్రకు బయలుదేరే రాజు చూసుకోవలసిన శకునాల మధ్య వస్తుంది. చరకసంహితలో కలల ప్రస్తావన ఇంద్రియస్థానంలో ఉంది. అక్కడ వైద్యుడు ప్రధానంగా చూసేది రోగి బతుకుతాడా లేదా అన్నది. కనుక రోగికని అక్కడ రాసిన ఫలాన్ని ఆరోగ్యవంతుడు యథాతథంగా తనకు అన్వయించుకుంటే లెక్క తప్పుతుంది. ఈ రెండింటికీ తోడు ఇంగ్లీషు అకారాది పుస్తకాల నుంచి దిగిన ఫలాలూ ఉన్నాయి. చిన్న పుస్తకం కూర్చేవారు ఇవన్నీ ఒకచోట పోసి, ఎవరికి, ఎప్పుడు అనే షరతులను స్థలం చాలక వదిలేస్తారు. దానికితోడు కలలో ఏడిస్తే సంతోషం, నవ్వితే దుఃఖం అనే తలకిందుల సూత్రాన్ని కొందరు కొన్ని కలలకే వాడతారు, కొందరు అసలు వాడరు.

వాడదలచుకున్నవారు చేయవలసిన మొదటి పని పుస్తకం తెరవకముందే కలను రాసిపెట్టడం. నాలుగైదు వాక్యాలు చాలు: నీరు ఏ రంగులో ఉంది, ఎంతవరకు వచ్చింది, తాను ఏం చేసింది, భయం వేసిందా లేదా, మెలకువ ఎన్ని గంటలకు వచ్చింది. ముందు పుస్తకం చదివితే ‘మురికినీరు’, ‘తేటనీరు’ అన్న మాటలు చూసి, రంగు సరిగా గుర్తులేని నీటికి కూడా మనసు ఒక రంగు వేసేస్తుంది. ఆ తరువాత అసలు కల ఏదో, చదివినది ఏదో విడదీయడం దాదాపు అసాధ్యం.

రెండో పని ముందురోజును గుర్తుచేసుకోవడం. చరకుడు కలలను ఏడు రకాలుగా విభజించి, చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి అనే ఐదింటికీ ఫలం లేదన్నాడు. ఈ జల్లెడను అచ్చుపుస్తకాలు వేయకపోయినా మనం వేసుకోవచ్చు. మన గృహిణి రాత్రి పడుకోబోయే ముందు ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిందని టీవీలో విన్నది. పోయిన ఏడాది బియ్యం తడిసిన బాధ ఇంకా ఉంది. అంటే ఆమె కల విన్నదీ, అనుభవించినదీ. శాస్త్రం ప్రకారమే ఇక్కడ పుస్తకం తెరవనక్కర్లేదు. నిజానికి చాలా కలలు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

జల్లెడలో నిలిచిన కలకు మాత్రమే మూడో పని: ఒకే పుస్తకం, ఒకే పదం. కలలో అన్నిటికన్నా బలంగా నిలిచినదాన్ని ముందే ఎంచుకుని, దాన్ని మాత్రమే చూడాలి. నచ్చిన ఫలం దొరికేదాకా పుస్తకాలు మారిస్తే దొరికేది మన కోరికే. దొరికిన ఫలాన్ని తేదీతో రాసుకుని, గడువు కూడా రాయాలి. జాముల లెక్కలో మొదటి జాము కలకు ఏడాది, రెండోదానికి ఆరు నెలలు, మూడోదానికి మూడు నెలలు అంటారు; నాలుగో జాముకు కొందరు నెల, కొందరు పక్షం అంటారు. ‘కష్టనష్టములు కలుగును’ వంటి ఫలానికి గడువు రాసినా ప్రయోజనం లేదు, ఏ ఇంట్లోనైనా నెలలో ఏదో ఒక కష్టం రాకపోదు. అలాంటిదాన్ని అక్కడే కొట్టివేయాలి.

తెల్లవారుజాము కల నిజమవుతుందన్న మాటనూ కాస్త ఆలోచించి తీసుకోవాలి. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశ తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది, అప్పుడే మెలకువా వస్తుంది. అందుకే మనకు గుర్తుండే కలల్లో ఎక్కువ భాగం ఆ వేళవే. ఆ వేళ వచ్చిందన్న ఒక్క కారణంతో కలకు అదనపు బరువు ఇవ్వనవసరం లేదు.

ఫలం ఏదైనా దాని మీద ఆధారపడి ప్రయాణం మానడం, సంబంధం వదులుకోవడం, శాంతికి అప్పు చేయడం తగదు. వరదలో నిజంగా చిక్కుకున్నవారికి అదే కల వారాల తరబడి వచ్చి నిద్ర చెడిపోతుంటే చూపించుకోవలసింది వైద్యుడికి. మన గృహిణి విషయంలో మాత్రం నీటిమట్టం ఇంకా పెరుగుతూ ఉంటే, కలకు ఫలం ఉన్నా లేకపోయినా, బియ్యం బస్తాను అటకెక్కించడమే సరైన పని.