రికమండేషన్ లెటర్ కోసం ప్రొఫెసర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ మే, జూన్ నెలల్లో ఉంటుంది కానీ చాలావాటికి దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి. దేశంలోని సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా అలాంటిదే. సరిగ్గా అప్పుడే కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు, ప్రాక్టికల్స్, పేపర్లు దిద్దడం నడుస్తుంటాయి. కాబట్టి గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగండి. రెండు రోజుల ముందు అడిగితే మంచి మేడమ్ అయినా పాత లెటర్‌లో పేరు మార్చి ఇవ్వడం తప్ప ఏం చేయగలరు?

మొదట ఎవరిని అడగాలో తేల్చుకోండి. చాలామంది హెచ్‌ఓడీ సంతకానికి విలువెక్కువని ఆయన దగ్గరికే వెళ్తారు. ఆయన మీకు ఒక్క క్లాసూ చెప్పకపోతే మీ గురించి రాయడానికి ఆయన దగ్గర మార్కులు తప్ప ఏమీ ఉండవు. మార్కులు దరఖాస్తులో ఎలాగూ ఉన్నాయి. ల్యాబ్‌లో మీ రికార్డు దిద్దినవారో, ప్రాజెక్టు చేయించినవారో రాసే నాలుగు మాటలే ఎక్కువ పనికొస్తాయి.

ఇక మెయిల్. దాన్ని ఇంగ్లీషులోనే పంపుతారు కానీ, అందులో ఏముండాలో తెలుగులో చూద్దాం. రాస్తున్నది బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని అనుకోండి, పేరు లావణ్య. ఆమె దరఖాస్తు గడువు నవంబర్ 30.

> సబ్జెక్ట్: సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కు రికమండేషన్ లెటర్ – గడువు నవంబర్ 30
>
> మేడమ్, నమస్కారం. నేను బీఎస్సీ కెమిస్ట్రీ మూడో సంవత్సరం, బి సెక్షన్ లావణ్యను. సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేస్తున్నాను. దానికి మీరు రికమండేషన్ లెటర్ ఇవ్వగలరా?
>
> గత సెమిస్టర్‌లో మీ ల్యాబ్‌లో మా ఊరి బోరు నీటి కాఠిన్యాన్ని ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిచాను. మొదట ఎరుపు రంగు నీలంగా స్పష్టంగా మారలేదు, రీడింగులు ఒకదానితో ఒకటి కలవలేదు. అమ్మోనియా బఫర్ పాతదై పీహెచ్ 10 కంటే తగ్గిందని చూసి, కొత్తది తయారు చేసుకుని మళ్లీ చేశాను. అప్పుడు రీడింగులు కలిశాయి. ఇంటర్న్‌షిప్‌లో కూడా నీటి పరీక్షల మీదే పని చేయాలని ఉంది.
>
> మీరు ఒప్పుకుంటే దరఖాస్తులో మీ మెయిల్ ఐడీ ఇస్తాను. లెటర్ అప్‌లోడ్ చేయడానికి మీకు లింక్ వస్తుంది. సీవీ, మార్కుల మెమో, దరఖాస్తులో రాసిన వ్యాసం జత చేశాను. ఈ నెల మీకు వీలు కాకపోతే చెప్పండి మేడమ్, వేరేవారిని అడుగుతాను.

ఇందులో అసలు పని చేసేది రెండో పేరా. 'కష్టపడతాను, సిన్సియర్‌గా ఉంటాను' అని రాస్తే మేడమ్ అదే మాట లెటర్‌లో ఎక్కించాలి, చదివేవాళ్లు నమ్మరు. బఫర్ సంగతి అలా కాదు. రీడింగులు కలవకపోతే ఈ అమ్మాయి అంకెలు దిద్దుకోలేదు, కారణం వెతికింది. రీసెర్చ్ గైడ్ తెలుసుకోవాలనుకునేది అదే. వందమంది రికార్డులు దిద్దిన మేడమ్‌కు ఇదంతా గుర్తుండకపోవచ్చు, మెయిల్ గుర్తుచేస్తుంది.

చివరి వాక్యాన్ని మొహమాటపడి తీసేయకండి. 'కాదు' అనే వీలు లేనప్పుడు కొందరు సరేనని, చప్పగా నాలుగు లైన్లు రాసిచ్చేస్తారు. దానికన్నా ముందే వద్దనడం మీకే మేలు.

చాలాచోట్ల వచ్చే జవాబు: "నువ్వే డ్రాఫ్ట్ రాసి పంపు, నేను సంతకం పెడతాను." ఇక్కడ టెన్షన్ పడి నెట్‌లో దొరికిన లెటర్ పంపేయకండి. అదే లెటర్ ఇంకెందరో పంపుతారు. పూర్తి లెటర్ బదులు చేసిన పని, తేదీ, ఫలితం ఉన్న ఐదారు పాయింట్లు పంపి, "వీటిలో మీకు సరైనవనిపించినవి వాడుకోండి మేడమ్" అనండి. కొన్ని ప్రోగ్రాములు లెటర్ విద్యార్థి చూడకూడదని షరతు పెడతాయి. అలాంటిచోట ఆ మాట కూడా మర్యాదగా చెప్పండి.

ఒప్పుకున్నాకే పోర్టల్‌లో వాళ్ల ఐడీ ఎక్కించండి. ఎక్కించగానే లింక్ దానంతటదే వెళ్లిపోతుంది, అడక్కుండా వచ్చిన లింక్ చూస్తే ఎవరికైనా చిరాకే. కాలేజీ ఐడీ ఉంటే అదే ఇవ్వండి, కొన్ని పోర్టళ్లు జీమెయిల్‌ను ఒప్పుకోవు. లింక్ చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది, కాబట్టి అదే రోజు "లింక్ వచ్చిందా మేడమ్?" అని ఒక్క లైన్ పంపండి.

గడువుకు వారం ముందు పోర్టల్‌లో లెటర్ ఇంకా అందలేదని కనిపిస్తే, కొత్త మెయిల్ రాయకుండా పాతదానికే రిప్లై ఇవ్వండి. జత చేసిన ఫైళ్లు, గడువు అన్నీ కిందే ఉంటాయి. మూడు రోజుల ముందు కూడా రాకపోతే మెయిల్ మానేసి స్టాఫ్ రూమ్‌కు వెళ్లి అడగండి.