బైక్ పోయింది, ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చింది: దాన్ని చదవడం ఎలా?

అలిపిరి దగ్గర శనివారం ఉదయం 5 గంటలకు బైక్ పెట్టి కొండెక్కారనుకుందాం. సాయంత్రం 4 గంటలకు తిరిగొస్తే బండి లేదు. చుట్టుపక్కల వెతికి, ఆదివారం ఉదయం ఫిర్యాదు ఇచ్చారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్పేది అదే. కాపీ అందగానే స్టేషన్‌లోనే కూర్చుని చదవండి.

మొదట పైభాగంలో క్రైం నంబర్, సంవత్సరం చూసుకోండి. స్టేషన్‌కైనా, కోర్టుకైనా, ఇన్సూరెన్స్ వాళ్లకైనా ఆ నంబరే చెప్పాలి.

తర్వాత సెక్షన్. మామూలు బైక్ దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303(2) రాస్తారు. శిక్ష 3 ఏళ్ల వరకు ఉండొచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 379. పాతవాళ్ల నోట ఇప్పటికీ ఆ నంబరే వస్తుంది. మొదట రాసిన సెక్షనే చివరిదాకా ఉండాలని లేదు. దర్యాప్తులో కొత్త విషయం తేలితే పోలీసులు కోర్టుకు మెమో ఇచ్చి మారుస్తారు.

సమయాల దగ్గర కాస్త ఆగండి. నేరం జరిగిన సమయం, స్టేషన్‌కు సమాచారం అందిన సమయం వేర్వేరు గడుల్లో ఉంటాయి. మన ఉదాహరణలో మొదటిది శనివారం ఉదయం 5 నుంచి సాయంత్రం 4 మధ్య, రెండోది ఆదివారం ఉదయం. ఆలస్యానికి కారణం రాసే గడి కూడా ఉంటుంది. అక్కడ ‘ఆలస్యం లేదు’ అని ఉంటే, వెతకడం వల్ల ఆలస్యమైందని అప్పుడే చెప్పండి. రేపు కోర్టులో అవతలి లాయరు మొదట పట్టుకునేది ఆ ఆలస్యాన్నే.

నిందితుల గడిలో ‘గుర్తు తెలియని వ్యక్తి’ అని ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. ఎవరు తీశారో మీకు తెలియదు కాబట్టి ఉండాల్సింది అదే.

అన్నిటికంటే ముఖ్యం మీ వాంగ్మూలం. రాతపూర్వకంగా ఇస్తే ఆ కాగితం జత చేస్తారు, నోటితో చెబితే రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. బండి రిజిస్ట్రేషన్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లను ఆర్సీ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా క్లెయిమ్ ఆగిపోవచ్చు. నమోదైన ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసి దిద్దరు. తప్పు కనబడితే దర్యాప్తు అధికారికి అర్జీ రాసి, అదనపు వాంగ్మూలం నమోదు చేయమని అడగండి, అర్జీకి రసీదు తీసుకోండి.

ఇక తర్వాత? ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకు వెళ్తుంది. పోలీసులు స్థలం చూస్తారు, సీసీ ఫుటేజీ వెతుకుతారు. ఫుటేజీ ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి ఆ మాట మీరే ముందు గుర్తుచేయండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయాలి. దొంగ దొరికితే చార్జిషీటు వేస్తారు. బండి దొరికితే కోర్టులో పిటిషన్ వేసి మధ్యంతరంగా విడిపించుకోవచ్చు. ఏదీ దొరక్కపోతే ఆచూకీ లేదంటూ తుది నివేదిక ఇస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీ సాధారణంగా అడిగేది ఆ నివేదికే. కేసు మూసేసే ముందు మేజిస్ట్రేటు మీకు నోటీసు ఇవ్వాలి. దర్యాప్తు సరిగా జరగలేదనిపిస్తే అభ్యంతరం చెప్పాల్సింది అక్కడే.