స్లాబు పని, 4వ పాఠం: ఖాళీ సంచులతో వృథాను పట్టుకోవడం

పోయిన పాఠంలో స్లాబుకు ఎంత కాంక్రీటు పడుతుందో లెక్క వేయడం చెప్పాను. ఈసారి తట్టలు జారకుండా అందించుకోవడం గురించి చెప్పాలనుకున్నాను. కానీ మీ లెక్కలు చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

సగం మంది బీమును రెండుసార్లు లెక్క వేశారు. మనం తీసుకున్న స్లాబు 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 125 మి.మీ. మందం. అంటే 10 ఘనపు మీటర్లు. దాని కింద 230 మి.మీ. వెడల్పు బీములు మొత్తం 27 మీటర్లు ఉన్నాయి. బీము లోతు 450 అని కాగితంలో ఉంటే అందులో పై 125 స్లాబులోనిదే. దాన్ని స్లాబుతో పాటు ఒకసారి లెక్కలోకి తెచ్చేశాం. బీముకు మిగిలేది కింద దిగిన 325 మాత్రమే. అలా వేస్తే బీములకు దాదాపు 2 ఘనపు మీటర్లు వస్తుంది. పూర్తి 450 వేసినవారికి 2.8 వచ్చింది. ఆ తేడాకు ఆరు బస్తాల సిమెంటు అవసరం లేకుండానే సైటుకు వచ్చి, సాయంత్రానికి తేమ పీల్చుకుంటూ కూర్చుంటుంది.

ఇది సరిదిద్దుకోవడం తేలిక. మిగతా సగం మంది ఫిర్యాదే అసలైనది. లెక్క సరిగ్గానే వేశారట, పని చివరికి వచ్చేసరికి కాంక్రీటు మాత్రం చాలలేదట. లెక్క తప్పు కానప్పుడు కాంక్రీటు ఎక్కడికో పోయి ఉండాలి. ఎక్కడికి పోయిందో సాయంత్రం వెతికితే దొరకదు, అప్పటికి స్లాబు గట్టిపడిపోతుంది. పోస్తున్నప్పుడే పట్టుకోవాలి. ఈ పాఠం అందుకే.

ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర కలిపే మిశ్రమంలో 50 కిలోల బస్తా ఒకటి సుమారు 125 లీటర్ల తడి కాంక్రీటు ఇస్తుంది. బస్తా సిమెంటు 35 లీటర్లు, దానికి తగ్గ ఇసుక, కంకర పొడిగా కొలిస్తే మొత్తం 190 లీటర్ల పైచిలుకు ఉంటాయి. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరిపోతాయి కాబట్టి కలిపాక 125కు దిగుతుంది. 125 మి.మీ. మందం స్లాబులో ఒక చదరపు మీటరుకు పట్టేదీ 125 లీటర్లే. అంటే ఒక బస్తాకు ఒక చదరపు మీటరు. మందం 100 అయితే బస్తాకు 1.25 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మందం 150 అయితే చదరపు మీటరుకు 1.2 బస్తాలు పడుతుంది. మిశ్రమం పాళ్ళు మారితే ఈ అంకె పనికిరాదు, మళ్ళీ లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు పద్ధతి. స్లాబు పొడవు వెంట ఉన్న పక్క పలక మీద మీటరుకొక సుద్ద గీత గీయండి. ఒక గీతకూ తర్వాతి గీతకూ మధ్య వచ్చే పట్టీ, మన స్లాబులో, 8 చదరపు మీటర్లు. కాబట్టి ఒక్కో పట్టీకి 8 బస్తాలు. మిక్సరు దగ్గర ఉన్న మనిషి ఖాళీ అయిన సంచులను ఎక్కడ పడితే అక్కడ విసరకుండా, పట్టీకొక కుప్పగా పెట్టాలి. పైన పట్టీ పూర్తయి బద్ద లాగగానే మేస్త్రీ కేక వేస్తాడు, కింద కొత్త కుప్ప మొదలవుతుంది. పుస్తకంలో రాయమని కొందరు చెబుతారు. తడి చేతులతో రాసిన పుస్తకం మధ్యాహ్నానికి చదవడానికి వీలుండదు. నాకు సంచుల కుప్పే నమ్మకం, దాన్ని దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది.

బీముల బస్తాలు వేరే కుప్ప. పట్టీలో బీము ఉంటే ముందు దాన్ని స్లాబు అడుగు దాకా నింపి, ఆ సంచులను బీము కుప్పలో వేసి, వెంటనే దాని మీద స్లాబు పోయాలి. లెక్క సులువవుతుందని బీములన్నీ ముందే నింపి వదిలేస్తే కింది కాంక్రీటు బిగుసుకుని, పైదానితో అతకదు. ఇంకొకటి, కలిపినది పైకి చేరి పరుచుకునేదాకా ఒక బస్తా మాల్ ఎప్పుడూ దారిలో ఉంటుంది. అందుకని ఒక్క సంచి తేడాకు ఎవరూ కంగారు పడనక్కరలేదు.

ఇక కుప్పలు ఏం చెబుతాయో చూడండి. మొదటి మూడు పట్టీలకు 8, 8, 8 సంచులు వచ్చాయి. నాలుగో పట్టీకి 9, అయిదో పట్టీకీ 9. రెండు బస్తాలు ఎక్కువ. అంటే 250 లీటర్లు. 16 చదరపు మీటర్లలో పరిస్తే సగటున 16 మి.మీ. అదనపు మందం. పైన బద్ద లాగింది అదే దారానికి, పై మట్టం ఏమీ మారలేదు. కాబట్టి అడుగు దిగింది. మందం కొలిస్తే బీముల పక్కన 125 ఉంది, గది నడిమధ్యలో 155 దాకా వచ్చింది. కిందికి వెళ్ళి చూస్తే, ఉదయం సెంట్రింగు షీట్లు కడిగిన నీళ్ళన్నీ ఒక మూలకు చేరి, అక్కడి జాకీల కింద మట్టి మెత్తబడి, పలకముక్కలు భూమిలోకి దిగబడి ఉన్నాయి.

ఇలాంటిది కనబడితే మొదటి పని పైన మనుషులను ఆ చోటు నుంచి తప్పించి, పోయడం ఆపడం. సెంట్రింగు మేస్త్రీని, ఇంజనీరును పిలవండి. మీరు సొంతంగా జాకీ తిప్పి షీటును పైకి లేపకండి. బిగుసుకోవడం మొదలైన కాంక్రీటును కింద నుంచి నెడితే పగుళ్ళు వస్తాయి. అక్కడ పోయిన రెండు బస్తాలు తిరిగి రావు. కానీ ఆరో పట్టీ నుంచి మిగిలిన అయిదు పట్టీలు కాపాడుకున్నట్టే. అంతకన్నా ముఖ్యంగా, కింద నిలబడిన మనిషిని కాపాడుకున్నట్టు. కుప్పగా పోసినా ఇదే జరుగుతుంది. 125 మి.మీ. తడి కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు. అర మీటరు ఎత్తు కుప్ప పెడితే ఆ చోటనే 1,200 కిలోలు. సెంట్రింగు కట్టినది ఆ బరువుకు కాదు.

తేడా ఇలా నడుమ మొదలైతే అడుగున వెతకాలి, లేదా షీట్ల సందుల్లోంచి సిమెంటు పాలు కారుతున్నాయేమో చూడాలి. మొదటి పట్టీ నుంచీ సమానంగా 9, 9, 9 అని వస్తుంటే సెంట్రింగు జోలికి వెళ్ళకండి. అప్పుడు కొలతపెట్టెను చూడండి. తడి ఇసుక ఉబ్బుతుంది, పెట్టె నిండినట్టే కనిపించినా అందులో అసలు ఇసుక తక్కువ. లేదా పెట్టెను అంచు దాకా నింపకుండా కుమ్మరిస్తున్నారు. బస్తాకు 125 లీటర్లు రావలసినది 110 వస్తుంటే ప్రతి కుప్పా పెరుగుతుంది.

మందం కొలవడం దగ్గర నాకు చిరాకు తెప్పించే విషయం ఒకటుంది, దాన్ని నిదానంగా చెప్పాలి. గేజు అంటే 8 మి.మీ. కడ్డీ ముక్క, 125 దగ్గర రంగు గీత. దాన్ని కాంక్రీటులో దింపి, గీత పై మట్టానికి వచ్చిందా అని చూస్తాం. కొత్తవాళ్ళు ఒక్కసారి గుచ్చి, అది ఎక్కడ ఆగితే అక్కడే షీటు ఉందనుకుంటారు. అడుగున 20 మి.మీ. కవరు బిళ్ళ ఉంటుంది, దాని మీద 10 మి.మీ. కడ్డీ ఉంటుంది. గేజు ఆ కడ్డీ మీద ఆగితే 95 చూపిస్తుంది. “30 తక్కువుంది, ఇంకో తట్ట తెండి” అని కేక. తట్టలు వస్తాయి, మట్టం పైకి పోతుంది, పక్కనున్నవాళ్ళు ఆ ఎత్తుకు తమది కలుపుతారు. నాలుగు చదరపు మీటర్లలో 30 మి.మీ. పెంచితే దాదాపు ఒక బస్తా అయిపోయినట్టే. పైగా అక్కడ ఏ లోటూ లేదు.

రెండు కడ్డీలు దాటుకునే చోట గుచ్చితే ఇంకా తక్కువ చూపిస్తుంది. బీముల పక్కన పై వరుస కడ్డీలు ఉంటాయి, వాటి మీద ఆగితే మరీ తక్కువ. కరెంటు పైపు మీద ఆగినా అంతే. చప్పుడును బట్టి తెలుస్తుందంటారు. ప్లైవుడ్ మీద అది నిజమే, మొద్దుగా తగులుతుంది. ఇనుప షీట్ల సెంట్రింగులో షీటూ ఖంగుమంటుంది, కడ్డీ కూడా ఖంగుమంటుంది. కాబట్టి చెవిని నమ్మకండి. ఒకే చోట జానెడు లోపల మూడుసార్లు గుచ్చండి, మూడింటిలో ఎక్కువ లోతు చూపినదే మందం. గేజు నిటారుగా ఉండాలి. వాలితే లేని మందం చూపిస్తుంది, అప్పుడు ఉన్నది గీకేసి స్లాబును పలుచన చేస్తారు. బీము మీద మాత్రం గుచ్చకండి, గేజు బీములోకి దిగిపోతుంది. తీశాక ఆ రంధ్రాన్ని పూడ్చి తాపీతో అదమండి.

“కాస్త మందంగా ఉంటే గట్టిగా ఉంటుందిగా” అనేవారు ప్రతి బృందంలో ఒకరుంటారు. 10 మి.మీ. ఎక్కువ పోస్తే చదరపు మీటరుకు 24 కిలోల బరువు పెరుగుతుంది. ఆ బరువును మోయడానికి కింద ఒక్క కడ్డీ కూడా పెరగదు. మన 80 చదరపు మీటర్లకు అది 0.8 ఘనపు మీటరు, ఆరు బస్తాల పైమాటే.

కింద చిందినదాని గురించి ఒక్క మాట. మిక్సరు నోటి కింద, తట్టలు నింపే చోట పట్టా పరవండి. శుభ్రంగా ఉన్నది వెంటనే పారతో ఎత్తి వాడవచ్చు. బిగుసుకున్నదానిలో నీళ్ళు పోసి మెత్తబరచి వాడకండి.

అభ్యాసం. స్లాబు 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 150 మి.మీ. మందం, బీములు వేరే కుప్పలో ఉన్నాయి. పట్టీకి ఎన్ని బస్తాలు పట్టాలో ముందు మీరే తేల్చుకోండి. ఒక సైటులో మొదటి అయిదు పట్టీలకు సంచులు 7, 7, 7, 8, 10. రెండో సైటులో 8, 8, 8, 8, 7. రెండు చోట్లా మొత్తం 39. ఏ సైటులో పని వెంటనే ఆపుతారు, ఎవరిని ఎక్కడికి పంపుతారు, రెండో సైటులో అయిదో పట్టీకి 7 ఎందుకు వచ్చి ఉంటుంది? కారణంతో సహా రాయండి. తర్వాత మీరు పనిచేసే స్లాబులో ఒక రోజు మొత్తం కుప్పలు పెట్టి, పట్టీల వారీగా అంకెలు, ప్రతి పట్టీలో మూడు చోట్ల కొలిచిన మందం పంపండి. అంకెలు అన్నీ సరిగ్గా 8 అని పంపినవారిని మాత్రం నేను నమ్మను.